పింఛను డబ్బులో కోసిన 20.42 శాతం: జపాన్‌కు మన పిల్లల్ని పంపేవారికి బహిరంగ లేఖ

జపాన్ ఉద్యోగాల కోసం గోదావరి జిల్లాల పిల్లలకు శిక్షణ ఇస్తున్న సంస్థల నిర్వాహకులకు, రాష్ట్ర ప్రభుత్వంలో విదేశీ ఉపాధి పనులు చూస్తున్న అధికారులకు,

నమస్కారమండి.

మాది కోనసీమలో రాజోలు దగ్గర ఒక పల్లె. నర్సింగ్ చదివి, జపనీస్ నేర్చుకుని, అక్కడ వృద్ధుల సంరక్షణ పనికి స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసా మీద వెళ్లాను. 2022 జూలై 1న పనిలో చేరి, 2025 జూన్ 30న మానేసి, జూలైలో ఇంటికి వచ్చేశాను. నాన్న ఆరోగ్యం బాగోలేక వచ్చాను కానీ అక్కడి పని మీద విసుగుతో కాదు. ఈ లేఖ ఆ పని గురించి కూడా కాదు. తిరిగొచ్చాక నా చేతికి రావాల్సిన డబ్బులో లక్షా 34 వేల యెన్లు ఎందుకు తగ్గాయో, అవి మళ్లీ వస్తాయో రావో తెలుసుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. మీరు బయలుదేరే ముందు ఒక్క పూట చెప్పి ఉంటే ఆ మూడు నెలల టెన్షన్ ఉండేది కాదు. అందుకే రాస్తున్నాను.

మా ఇళ్లలో విదేశం అంటే మొదట గుర్తొచ్చేది కువైట్, మస్కట్. మా అమ్మ తొమ్మిదేళ్లు కువైట్‌లో ఇళ్లలో పనిచేసింది. అక్కడ జీతం మీద పన్ను లేదు. ఎన్ని దినార్లు ఒప్పుకుంటే అన్ని దినార్లు. నా మొదటి జీతం స్లిప్పు ఫొటో పంపినప్పుడు అమ్మ ఫోన్లో, "ఇన్ని కోతలేంటమ్మా, నిన్నేమైనా మోసం చేస్తున్నారా?" అని కంగారుపడింది. మోసం కాదు. నెలకు 2 లక్షల యెన్ల జీతంలో కోసెయ్ నెన్‌కిన్ అనే ఉద్యోగుల పింఛనుకు 18,300, ఆరోగ్య బీమాకు కొంత, ఉద్యోగ బీమాకు కొంత, ఆదాయపు పన్ను కొంత. రెండో ఏడు నుంచి ఊరి పన్ను కూడా. దాన్ని వాళ్లు జూమిన్‌జెయ్ అంటారు. అన్నీ చట్ట ప్రకారమే. కానీ ఏ కోత పోయినట్టు, ఏ కోత తిరిగొచ్చేది అన్నది శిక్షణలో మాకెవరూ చెప్పలేదు. "పింఛను కోత పోయినట్టే అనుకోండి, జీతంలో మిగిలింది చూసుకోండి" అన్నారు. ఆ మాట తప్పు.

జపాన్‌లో పింఛను రావాలంటే కనీసం 10 ఏళ్లు చందా కట్టి ఉండాలి. మూడేళ్లో ఐదేళ్లో పనిచేసి వెళ్లిపోయే విదేశీయుల కోసం ఒక ఏర్పాటు ఉంది. దాని పేరు దట్టాయ్ ఇచిజికిన్, అంటే పింఛను నుంచి తప్పుకున్నందుకు ఒకేసారి ఇచ్చే మొత్తం. కనీసం 6 నెలలు చందా కట్టి, జపాన్‌లో చిరునామా రద్దు చేసుకుని దేశం వదిలినవాళ్లు రెండేళ్ల లోపు అడగాలి. మూడేళ్లు, అంటే సరిగ్గా 36 నెలలు కట్టినవాళ్లకు సగటు నెల జీతానికి 3.3 రెట్లు ఇస్తారు. నా సగటు 2 లక్షలు. కాబట్టి 6 లక్షల 60 వేల యెన్లు. నెలకు 18,300 చొప్పున 36 నెలలు నా జీతం నుంచి పోయింది 6,58,800. అంటే దాదాపు నా వాటా నాకు తిరిగొచ్చినట్టే. యజమాని కట్టిన మిగతా సగం అక్కడే ఉండిపోతుంది.

ఇక్కడ ఒక విషయం చెప్పకుండా ముందుకు పోలేను. నేను జూన్ 30 వరకు పనిచేసినట్టు కాగితాల్లో ఉంది. నాతో చేరిన ఇంకో అమ్మాయి, అమలాపురం వైపు నుంచే, టికెట్ చవగ్గా దొరికిందని 29వ తేదీ చివరి రోజుగా రాసిచ్చి వెళ్లిపోబోయింది. ఆఫీసులో అకౌంట్లు చూసే పెద్దావిడ పిలిచి ఆపింది. పింఛను లెక్కలో ఉద్యోగం మానేసిన మర్నాడు సభ్యత్వం పోతుంది. 30వ తేదీ వరకు ఉంటే సభ్యత్వం పోయేది జూలై 1న, జూన్ నెల లెక్కలోకి వస్తుంది. 29కి మానేస్తే సభ్యత్వం 30నే పోతుంది, జూన్ నెల లెక్కలోకి రాదు. అప్పుడు 35 నెలలే. 35 నెలలకు 3.3 రెట్లు రావు, 2.7 రెట్లే వస్తాయి. 6 లక్షల 60 వేలు కాస్తా 5 లక్షల 40 వేలు అయ్యేది. ఒక్క రోజు తేడాకి లక్షా 20 వేల యెన్లు. ఎందుకంటే ఈ రెట్లు ఆరేసి నెలల మెట్లుగా పెరుగుతాయి, మధ్యలో ఆగితే కింది మెట్టే లెక్క. మీరు పంపిన పిల్లల్లో ఎంతమంది నెలాఖరుకు ఒక రోజు ముందు మానేశారో నాకు తెలియదు. వాళ్లకీ తెలియదు.

నేను వచ్చేముందు నగర కార్యాలయంలో ఊరు వదిలి వెళ్తున్నట్టు నోటీసు ఇచ్చాను. ఇది చేయకుండా, మళ్లీ రావచ్చులే అని తిరుగు అనుమతి పెట్టుకుని విమానం ఎక్కితే పింఛను ఆఫీసు లెక్కలో మనం ఇంకా అక్కడే ఉన్నట్టు. దరఖాస్తు తిరిగొస్తుంది. నాది కూడా తిరిగొచ్చింది కానీ కారణం వేరు. మన పేర్ల వల్ల.

పాస్‌పోర్టులో నా ఇంటిపేరు పూర్తిగా ఉంది. మా ఊరి బ్యాంకు పాసుపుస్తకంలో ఇంటిపేరు ఒక్క అక్షరమే. మన జిల్లాల్లో సగం మంది పాసుపుస్తకాలు ఇలాగే ఉంటాయి. టోక్యోలోని పింఛను ఆఫీసుకి ఇది ఇద్దరు వేర్వేరు మనుషులు. ఆగస్టు మొదట్లో పంపిన దరఖాస్తు సెప్టెంబరు మొదట్లో తిరిగొచ్చింది. బ్యాంకుకి వెళ్లి ఆధార్, పాస్‌పోర్టు చూపించి ఖాతాలో పేరు సరిచేయించుకున్నాను. ఆ పల్లె శాఖకి విదేశీ డబ్బు నేరుగా రాదట, స్విఫ్ట్ కోడ్ పెద్ద శాఖది వేయాలట. మేనేజరు గారు రాజమండ్రికి ఫోన్ చేసి కనుక్కుని, పేరు, ఖాతా నంబరు, శాఖ చిరునామా, ఆ కోడ్ అన్నీ ఒక కాగితం మీద రాసి స్టాంపు వేసి ఇచ్చారు. దాంతో పాటు పాస్‌పోర్టు కాపీ, పింఛను నంబరున్న కాగితం మళ్లీ పంపాను. సెప్టెంబరు మధ్యలో పంపితే డిసెంబరు మూడో వారంలో డబ్బు పడింది.

పడింది కానీ 6 లక్షల 60 వేలు కాదు. 5,25,228 యెన్లకు సరిపడా రూపాయలు, బ్యాంకు చార్జీలు పోను, మూడు లక్షల పైచిలుకు.

నాన్న మందులకు, చెరువుగట్టు ఇంటికి రేకులు మార్చడానికి అమ్మ మనసులో అప్పటికే ఒక లెక్క వేసేసుకుంది. ఆ లెక్కలో 80 వేలకు కాస్త తక్కువ లోటు. "బ్యాంకోళ్లు తిన్నారా, ఆళ్లు తిన్నారా?" అంది. వారం తర్వాత పోస్టుమాన్ ఒక కవరు తెచ్చాడు. అమ్మ దాన్ని తెరవకుండా దేవుడి పటం వెనక పెట్టింది, నేను కాకినాడ నుంచి వచ్చేదాకా. అది పింఛను ఆఫీసు పంపిన చెల్లింపు నిర్ణయ పత్రం. అందులో మూడు అంకెలు ఉన్నాయి. మొత్తం 6,60,000. పన్ను 1,34,772. చేతికిచ్చింది 5,25,228. అంటే ఎవరూ తినలేదు. 20.42 శాతం ఆదాయపు పన్ను కింద ముందే కోసి పంపారు.

ఇంత గీసి లెక్కపెట్టిన శాతం ఏమిటా అనుకున్నాను. దేశంలో లేనివాళ్లకు ఇలాంటి చెల్లింపు చేసేటప్పుడు 20 శాతం కోస్తారు. 2011 భూకంపం, సునామీ తర్వాత ఆ ప్రాంతాల పునర్నిర్మాణం కోసం 2013 నుంచి ఆదాయపు పన్ను మీద ఇంకో 2.1 శాతం కలుపుతున్నారు. 20లో 2.1 శాతం అంటే 0.42. రెండూ కలిపితే 20.42.

ఆ కోత తిరిగొస్తుందా అన్నదే ఇక ప్రశ్న. నేను మొదట అడిగింది పాలకొల్లులో మా మావయ్యకు తెలిసిన ఒక ఆడిటర్‌ని. ఆయన, "ఇక్కడ రిటర్ను వేసేటప్పుడు విదేశంలో కట్టిన పన్ను చూపిద్దాం, క్లెయిమ్ చేద్దాం" అన్నారు. సంతోషంగా ఇంటికొచ్చాను. రాత్రి మంచం మీద కూర్చుని ఆలోచిస్తే అనుమానం వచ్చింది. పన్ను పుచ్చుకుంది జపాన్ ప్రభుత్వం, మన ప్రభుత్వం ఎందుకు తిరిగిస్తుంది? మర్నాడు మళ్లీ ఫోన్ చేశాను. ఆయన కోప్పడకుండా రూలు చదివి చెప్పారు. బయట కట్టిన పన్నుకు ఇక్కడ ఇచ్చేది మినహాయింపే. అదీ ఆ ఆదాయం మీద ఇక్కడ ఎంత పన్ను పడుతుందో అంతవరకే. ఏప్రిల్ నుంచి జూన్ దాకా జీతం, ఈ పింఛను మొత్తం కలిపినా నా ఏడాది ఆదాయం 12 లక్షలకు చాలా లోపు. కొత్త విధానంలో ఇక్కడ పడే పన్ను సున్నా. సున్నాలోంచి తీసేయడానికి ఏమీ ఉండదు. రిటర్నులో ఆ ఆదాయం చూపించాలి కానీ, ఆ లక్షా 34 వేల యెన్లు ఢిల్లీ నుంచి రావు. వస్తే టోక్యో నుంచే రావాలి.

ఈ ఒక్క ముక్క తెలియక ఇక్కడ రిటర్ను వేసి, రిఫండు సున్నా అని చూసి, ఇక అయిపోయిందని వదిలేసిన వాళ్లు నాకు ఇద్దరు తెలుసు.

సంక్రాంతి ముందు వారం. మా పొలంలో దాళ్వా నాట్లు పడుతున్నాయి, ఇంట్లో అరిసెలకు పిండి కొడుతున్నారు. నేను మాత్రం క్యాలెండర్ వెనక జపనీస్ అక్షరాలు రాసుకుంటూ కూర్చున్నాను. నాకు మూడో స్థాయి జపనీస్ వచ్చు, ముసలివాళ్లకు అన్నం తినిపిస్తూ కబుర్లు చెప్పగలను, కానీ పన్నుల భాష వేరు. అక్కడ నాతో పనిచేసిన నేపాలీ అక్కకి ఫోన్ చేశాను. ఆమె ఆ ఊరి పన్ను ఆఫీసుకు వెళ్లి కౌంటరులో అడిగి వచ్చి చెప్పిన మాట ఇది.

జపాన్ చట్టంలో ఈ పింఛను మొత్తాన్ని పదవీ విరమణ డబ్బుగా చూస్తారు. అక్కడ ఉండేవాళ్లు రిటైరై డబ్బు తీసుకుంటే అందులో ఉద్యోగం చేసిన ఏడాదికి 4 లక్షల యెన్ల చొప్పున తగ్గించి, మిగిలినదానిలో సగం మీద మాత్రమే పన్ను వేస్తారు. ఎన్నేళ్లు చేసినా ఈ తగ్గింపు కనీసం 8 లక్షలు. దేశం వదిలిన మనకు ఆ లెక్క వేయకుండా నేరుగా 20.42 శాతం కోసేస్తారు. అయితే, 'నేను ఇక్కడే ఉన్నట్టు అనుకుని నా లెక్క వేయండి' అని అడిగే హక్కు మనకు ఉంది. అడిగితేనే ఉంది. వాళ్లంతట వాళ్లు చెయ్యరు.

క్యాలెండర్ వెనకే వేశాను. మూడేళ్లు, ఏడాదికి 4 లక్షలు, తగ్గింపు 12 లక్షలు. నాకు ఇచ్చింది 6 లక్షల 60 వేలు. తగ్గింపే ఎక్కువ. పన్ను పడే ఆదాయం సున్నా. కాబట్టి కోసిన 1,34,772 మొత్తం వెనక్కి రావాలి.

అమ్మ నమ్మలేదు. "గవర్నమెంటు పట్టుకున్న డబ్బు తిరిగిస్తదా?" అంది. నాకు కూడా నమ్మకం కలగడానికి ఇంకో లెక్క వేసుకోవాల్సి వచ్చింది. పింఛను మొత్తం ఏడాదికి సుమారు 1.1 నెలల జీతం చొప్పున వస్తుంది. తగ్గింపు ఏడాదికి 4 లక్షలు. అంటే సగటు నెల జీతం 3 లక్షల 60 వేల యెన్లు దాటితే తప్ప పన్ను పడే ఆదాయం అంటూ మిగలదు. మన పిల్లలు సంరక్షణలో, హోటళ్లలో, పొలాల్లో, ఫ్యాక్టరీల్లో చేసే పనులకు అంత జీతం ఎక్కడిది? కాబట్టి ఇది నా ఒక్కదాని అదృష్టం కాదండి. మీరు పంపే బ్యాచ్‌లో దాదాపు అందరికీ ఈ కోత పూర్తిగా తిరిగి రావాల్సిందే. కంపెనీ అదే ఏడాదిలో విడిగా పదవీ విరమణ డబ్బు ఇచ్చి ఉంటే దాన్ని కూడా కలిపి లెక్క వేయాలి, అంతే తేడా.

అడగడానికి మాత్రం జపాన్‌లో నివాసం ఉన్న ఒక మనిషి కావాలి. వాళ్లు నోజెయ్ కన్రినిన్ అంటారు, మన తరఫున పన్ను పనులు చూసే ప్రతినిధి. నేను బయటి దేశం నుంచి నేరుగా రిటర్ను పంపి నా ఊరి ఖాతాలో వేయమంటే కుదరదు. ప్రతినిధి పేరు నమోదు చేస్తూ ఒక ఫారం నింపి, నేను చివరగా ఉన్న చిరునామా ఏ పన్ను ఆఫీసు కిందికి వస్తుందో దానికి ఇవ్వాలి. ఆ తర్వాత ప్రతినిధి రిటర్ను వేస్తే, డబ్బు ప్రతినిధికి అక్కడున్న ఖాతాలో పడుతుంది, ఆమె మనకు పంపాలి. దీనికి లైసెన్సు ఉన్న మనిషే కావాలని లేదు. స్నేహితురాలు, తోటి ఉద్యోగి, ఇంటి ఓనరు, ఎవరైనా సరే. ఫీజు పుచ్చుకుని రిటర్నులు తయారు చేసిపెట్టే పని మాత్రం అక్కడ రిజిస్టరైన పన్ను నిపుణులే చేయాలి.

ఇది తెలియనప్పుడు ఒక మధ్యవర్తి నన్ను ఫోన్లో పట్టుకున్నాడు. వచ్చినదానిలో 30 శాతం తనకివ్వాలట, ముందుగా పత్రం అసలు ప్రతి పంపమన్నాడు. 30 శాతం అంటే 40 వేల యెన్లు. నా ఒక నెల పింఛను చందాకి రెండింతలు. ఫీజు తీసుకోవడం తప్పనను, ఎవరూ తెలియనివాళ్లకు నిపుణుడి సాయం అవసరమే. కానీ ఎంత పనికి ఎంత అడుగుతున్నాడో తెలిసి ఇవ్వాలి. నేను నేపాలీ అక్కనే అడిగాను. ఆమె ఇంకో రెండేళ్లు అక్కడే ఉంటుంది, నాకు నమ్మకం ఉంది. నమ్మకం లేనివాళ్ల పేరు పెడితే డబ్బు వాళ్ల ఖాతాలో పడి అక్కడే ఆగిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి మనిషిని ఎంచుకోవడమే ఈ మొత్తం పనిలో కష్టమైన భాగం అని నా అభిప్రాయం.

కనుమ వెళ్లిన మూడో రోజు అమలాపురం పోస్టాఫీసుకి వెళ్లి ప్రతినిధి ఫారం, నా పాస్‌పోర్టు కాపీ, ఆ నిర్ణయ పత్రం అసలు ప్రతి స్పీడ్ పోస్టులో అక్కకి పంపాను. అసలు ప్రతి పంపేముందు రెండు జిరాక్సులు తీసి బీరువాలో పెట్టాను. అక్క సెలవు రోజున పన్ను ఆఫీసుకి వెళ్లింది. కౌంటరులో ఉన్నాయన ఏ గడిలో ఏం రాయాలో చూపించాడట. గంటన్నరలో పని అయిపోయింది. మార్చిలో లక్షా 34 వేల 772 యెన్లు ఆమె ఖాతాలో పడ్డాయి. ఒక్క యెన్ తగ్గలేదు. ఆమె పంపిన స్క్రీన్‌షాట్ అమ్మకి చూపిస్తే, కళ్లజోడు తెచ్చుకుని అంకెలు ఒక్కొక్కటీ పైకి చదివింది. తర్వాత ఏమీ అనలేదు, లోపలికెళ్లి అక్కకి పంపడానికి కొబ్బరి లౌజు చేయడం మొదలెట్టింది.

అన్ని కోతలూ ఇలా తిరిగి రావని కూడా చెప్పాలి, లేకపోతే నా లేఖ చదివి ఎవరైనా లేనిపోని ఆశ పెట్టుకుంటారు. నా చివరి జీతంలో పెద్ద కోత ఇంకొకటి ఉంది, ఊరి పన్ను. అది క్రితం ఏడాది ఆదాయం మీద వేసి, జూన్ నుంచి వచ్చే మే దాకా నెలనెలా తీసుకుంటారు. ఏడాది మధ్యలో వెళ్లిపోతే మిగిలిన నెలలది కలిపి చివర్లో కోయొచ్చు. చూడ్డానికి ఎక్కువ కోసినట్టే ఉంటుంది కానీ అది మనం నిజంగా బాకీ ఉన్న పన్ను, తిరిగి రాదు. జీతంలో నెలనెలా పట్టిన ఆదాయపు పన్ను మరో రకం. దేశం వదిలే ముందు యజమానే ఆ ఏడాది లెక్క సరిచేసి, ఎక్కువ పట్టినది చివరి జీతంతో ఇచ్చేస్తాడు. నాకు కొంత వచ్చింది. స్లిప్పులో అది కనబడకపోతే అక్కడ ఉండగానే అడగాలి. చదువుకోవడానికి వెళ్లి జాతీయ పింఛను మాత్రమే కట్టినవాళ్లకు వచ్చే మొత్తంలో ఈ 20.42 శాతం కోతే ఉండదు, కాబట్టి వాళ్లు రిఫండు కోసం వెతకక్కర్లేదు.

ఒక హెచ్చరిక కూడా. ఈ మొత్తం తీసుకుంటే అప్పటిదాకా అక్కడ కట్టిన నెలలన్నీ లెక్కలోంచి చెరిగిపోతాయి. మన దేశానికీ జపాన్‌కీ మధ్య 2016 అక్టోబరు 1 నుంచి సామాజిక భద్రతా ఒప్పందం అమల్లో ఉంది. ఇక్కడ పీఎఫ్ కట్టిన కాలం, అక్కడ కట్టిన కాలం కలిపి పింఛను అర్హత చూసే వీలు దానివల్ల ఉంది. మళ్లీ జపాన్ వెళ్లి చాలా ఏళ్లు ఉండాలనుకునేవాళ్లు, ఇక్కడ పీఎఫ్ ఉన్న ఉద్యోగం చేసినవాళ్లు తొందరపడి దరఖాస్తు పెట్టకూడదు. నాకు ఇక్కడ పీఎఫ్ లేదు, మళ్లీ వెళ్లే ఆలోచన లేదు. అందుకే తీసుకున్నాను.

ఈ లేఖ రాయడానికి అసలు కారణం నా డబ్బు కాదు, అది వచ్చేసింది. నాకన్నా ముందు బ్యాచ్‌లో వెళ్లొచ్చిన ఇద్దరు. ఒకతను మా పక్క లంక ఊరివాడు, మూడేళ్లు పనిచేసి వచ్చాడు. పింఛను మొత్తం సంగతి నేను చెప్పేదాకా అతనికి తెలియదు. తేదీలు చూస్తే జపాన్ వదిలి రెండేళ్ల నాలుగు నెలలు. రెండేళ్ల గడువు దాటిపోయింది. ఐదారు లక్షల యెన్లు అడగడానికి కూడా లేకుండా పోయాయి. అతను "పోన్లే" అని చేపల చెరువు మీదకి వెళ్లిపోయాడు, నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంకొకామె ముమ్మిడివరం వైపు. ఆమెకు పింఛను మొత్తం 2022లోనే వచ్చింది, పన్ను కోతతో. నాలుగేళ్లయింది కదా, ఇక రాదనుకుంది. కానీ పన్ను రిఫండుకు గడువు వేరు. డబ్బు చెల్లించిన ఏడాది తర్వాతి జనవరి 1 నుంచి ఐదేళ్లు. ఆమెకు 2027 ఆఖరు దాకా సమయం ఉంది. పెళ్లి ఫొటోల ఆల్బం కింద ఆ నిర్ణయ పత్రం దొరికింది. ఇప్పుడు ఆమె అక్కడ ఉన్న పాత సహోద్యోగితో మాట్లాడుతోంది.

ఇద్దరూ మీ దగ్గరే ఆరు నెలలు కూర్చుని జపనీస్ నేర్చుకున్నారు. నమస్కారం ఎలా వంగి పెట్టాలో, చెత్త ఎలా వేరు చేయాలో మీరు ఓపికగా నేర్పారు, అవి అక్కడ నిజంగా ఉపయోగపడ్డాయి. అదే ఓపికతో తిరిగొచ్చే రోజు గురించి కూడా నేర్పమని అడుగుతున్నాను.

బయలుదేరే ముందు తరగతిలో ఒక పూట దీనికి పెట్టండి. ఒక నమూనా జీతం స్లిప్పు బోర్డు మీద వేసి ఏ కోత ఎటు పోతుందో చూపించండి. పాసుపుస్తకంలో పేరు పాస్‌పోర్టుతో ఒకటే ఉందో లేదో ఆ రోజే చూడండి, ఎందుకంటే అది ఇక్కడ ఉన్నప్పుడు అరగంట పని, అక్కడి నుంచి తిరిగొచ్చాక నెలన్నర ఆలస్యం. పని మానేసే తేదీ నెల చివరి రోజు అయ్యేలా చూసుకోమని చెప్పండి. పింఛను నంబరున్న కాగితం, తర్వాత వచ్చే నిర్ణయ పత్రం పారేయొద్దని ఇంట్లోవాళ్లకు కూడా చెప్పండి, అది తెరిచేది ఎక్కువసార్లు అమ్మానాన్నలే కాబట్టి. అధికారులను అడిగేది, ఈ రెండు గడువులూ ప్రతినిధి ఫారమూ వివరిస్తూ ఒక కాగితం తెలుగులో అచ్చు వేయించమని. ఒక్క పేజీ చాలు.

ఆ పేజీ రాయడానికి మనిషి లేరంటే నేను రాసిస్తాను. నేను నింపిన ఫారాల జిరాక్సులు, ఖాళీ గడుల పక్కన తెలుగులో వివరాలు రాసి, ఒక ఫైలులో పెట్టాను. వచ్చే నెల మీ కొత్త బ్యాచ్ బయలుదేరుతోందని విన్నాను. వాళ్లు విమానం ఎక్కేలోపు ఏ ఆదివారం పిలిచినా రాజోలు నుంచి బస్సెక్కి వస్తాను.

ఇట్లు,
జపాన్‌లో మూడేళ్లు వృద్ధుల సంరక్షణ చేసి వచ్చిన,
కోనసీమ అమ్మాయి